ఈ ఆఫీసు ఎందుకున్నట్టు?

అమెరికాలో ఒక చిన్న ఊరి గ్రంథాలయం. మధ్యాహ్నం దాకా చడీచప్పుడూ ఉండదు. మూడు దాటేసరికి బడి వదిలిన పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడతారు. తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి ఇంటికెళ్తే తలుపు తీసేవాళ్లుండరు. సాయంత్రం ఎవరో ఒకరు కారేసుకుని వచ్చి తీసుకెళ్లేదాకా పిల్లలకు గ్రంథాలయమే ఇల్లు. కాసేపు బుద్ధిగా చదువుకుంటారు, ఆ తర్వాత గోల మొదలు. పుస్తకాలు చిందరవందర, మరుగుదొడ్లు జామ్, సిబ్బందికి తలనొప్పి. ఇప్పుడు ఆ లైబ్రేరియన్ ఏం చేయాలి?

హార్వర్డ్ కెనెడీ స్కూల్‌లో ప్రభుత్వాధికారులకు పాఠాలు చెప్పే మార్క్ మూర్, 1995లో రాసిన 'క్రియేటింగ్ పబ్లిక్ వాల్యూ' పుస్తకాన్ని ఈ ముచ్చటతోనే మొదలుపెట్టారు. అణు కర్మాగారాలూ అంతరిక్ష పరిశోధనా వదిలేసి మరుగుదొడ్ల గొడవతో మొదలుపెట్టడం చూస్తే మనిషికి ఆఫీసుల సంగతి బాగా తెలుసనిపిస్తుంది. ప్రభుత్వోద్యోగి తల పట్టుకునేది ఎక్కువగా ఇలాంటి వాటి దగ్గరే. 'ప్రజా విలువ' అని ఇవాళ పాలనాశాస్త్రంలో చెప్పుకునే ఆలోచన ఆ పుస్తకంతోనే ప్రచారంలోకి వచ్చింది.

లైబ్రేరియన్‌కు మొదట తట్టేది 'ఇది మన పని కాదు' అన్న మాటే. గ్రంథాలయం పుస్తకాలు చదువుకోవడానికి, పిల్లల్ని చూసుకోవడానికి కాదు. ఊరి పత్రికలో తల్లిదండ్రులకు ఒక ప్రకటన వేయించవచ్చు, పిల్లల రాకకు నిబంధనలు పెట్టవచ్చు. ఆమె మొండిమనిషని కాదు. పాత పద్ధతి పాలనలో మంచి ఉద్యోగి లక్షణమే అది. పాలన వేరు, రాజకీయం వేరని వుడ్రో విల్సన్ 1887లోనే ఒక వ్యాసంలో వాదించాడు. అప్పటికింకా ఆయన అమెరికా అధ్యక్షుడు కాలేదు. ఏం చేయాలో ప్రజలు ఎన్నుకున్నవాళ్లు తేలుస్తారు, తేల్చినదాన్ని వంకరపోకుండా చేయడం ఉద్యోగి ధర్మం. గ్రంథాలయ బోర్డు పిల్లల్ని చూసుకోమని తీర్మానం చేయలేదు, బడ్జెట్‌లో అందుకు పద్దు లేదు. కాబట్టి లైబ్రేరియన్ తన సొంత తెలివితో ఆ పని నెత్తికెత్తుకుంటే అది హద్దు దాటడమే.

ఈ పద్ధతిని వెక్కిరించడం తేలిక. ఫైలు, నోట్‌షీటు, 'రూలు ఒప్పుకోదండీ' అనే మాట మనందరం వింటున్నవే. కానీ అది పుట్టింది పదవులు పార్టీవాళ్లకు పంచిపెట్టే రోజుల్లో. అధికారి ఇష్టాయిష్టాల నుంచి జనాన్ని కాపాడటానికే రూలు వచ్చింది. పింఛను జాబితాలో పేరుందా లేదా అన్నది గుమాస్తా దయ మీద కాక రాసిపెట్టిన అర్హత మీద ఆధారపడాలని కోరుకునేవాళ్లెవరూ ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేరు. దాని లోటల్లా ఒక్కటే. పరిస్థితి మారిందని, జనం అవసరం మారిందని గమనించే బాధ్యతను అది గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికి అప్పగించదు. మూడింటికి పిల్లలు వస్తున్నారన్న సంగతి ఊళ్లో అందరికన్నా ముందు తెలిసింది లైబ్రేరియన్‌కే. ఆమెకేమో నోరెత్తే హక్కు లేదు.

ఆమెకు రెండో దారి కూడా ఉంది. పిల్లల్ని చూసుకున్నందుకు తల్లిదండ్రుల దగ్గర రుసుము తీసుకోవడం. కావాలనుకున్నవాళ్లు డబ్బు కడతారు, ఆ డబ్బుతో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఎవరూ కట్టకపోతే అది నిజమైన అవసరం కాదని తేలిపోతుంది. బ్రిటన్‌లో థాచర్ కాలం నుంచీ, న్యూజిలాండ్‌లో 1980ల చివరి నుంచీ ప్రభుత్వాల్లోకి వచ్చిన సంస్కరణల తర్కం ఇదే. శాఖను చిన్న చిన్న ఏజెన్సీలుగా విడగొట్టు, పెద్దాధికారిని కాంట్రాక్టు మీద తీసుకో, లక్ష్యాలు అంకెల్లో పెట్టు, వీలైనచోట పోటీకి టెండర్లు పిలువు, జనాన్ని వినియోగదారులుగా చూడు. పౌరుణ్ణి గంటలకొద్దీ వరసలో నిలబెట్టే ఆఫీసును అది కాస్త కదిలించిన మాట నిజం.

అంకెల లక్ష్యం ఎక్కడ బెడిసికొడుతుందో బ్రిటన్ ఆరోగ్యసేవలోనే చూడవచ్చు. ఫ్యామిలీ డాక్టరు అపాయింట్‌మెంటు 48 గంటల్లోపు దొరకాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. 2005 ఎన్నికల ప్రచారంలో ప్రధాని టోనీ బ్లెయిర్ ఒక టీవీ కార్యక్రమానికి వస్తే, ప్రేక్షకుల్లోంచి ఒకావిడ లేచి, వారం తర్వాతి తేదీకి అపాయింట్‌మెంటు అడిగితే ఇవ్వడం లేదని ఆయన మొహం మీదే చెప్పింది. 48 గంటలు దాటిన బుకింగ్ అనేదే లేకపోతే ఆలస్యం కూడా ఉండదు కదా! అందుకని కొన్ని క్లినిక్కులు ముందస్తు బుకింగులే మానేశాయి. ప్రధాని అవాక్కయ్యారు. కాగితం మీద లక్ష్యం నెరవేరింది, ఫోను చేసిన మనిషికి పని కాలేదు.

మన దగ్గర ఈ తర్కం మరోచోట దెబ్బతింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత, 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ఛార్జీలు తేల్చడానికి నియంత్రణ మండలిని పెట్టారు. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. ఖర్చుకు తగ్గ ధర ఉండాలన్నది లెక్కప్రకారం సబబే, బోర్డు నష్టాలూ నిజమే. కానీ 2000లో ఛార్జీలు పెరగ్గానే జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం రోజు తొలి సంతకం రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీదే పడింది. కరెంటును సరుకుగా చూసిన సంస్కర్తలు ధర గురించి ఆలోచించారు. రైతుకది ప్రభుత్వంతో ఉన్న ఒప్పందం. ఆ ఒప్పందాన్ని మార్చాలంటే అతనితో మాట్లాడాలన్న ఊహ ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

మూర్ చెప్పే మూడో దారి ఇక్కడ మొదలవుతుంది. లైబ్రేరియన్ ముందుగా తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న 'ఇది నా పనా' అన్నది కాదు, 'దీనికి గిరాకీ ఉందా' అన్నది కూడా కాదు. ఊరంతా పన్ను కట్టి నిలబెట్టిన భవనం, పుస్తకాలు, సిబ్బంది నా చేతిలో ఉన్నాయి, వీటితో ఈ ఊరికి ఇంతకన్నా మేలైనది ఏం చేయగలను అన్నది ఆ ప్రశ్న. ఇది దాదాపు వ్యాపారి ఆలోచనే, చేతిలో ఉన్న ఆస్తిని కొత్త అవసరానికి వాడుకోవడం. తేడా ఏమిటంటే, ఆ వాడకం మంచిదో కాదో తేల్చేది కొనుగోలుదారు కాదు, పౌరులు. పిల్లలున్న ఇళ్లవాళ్లే కాదు, గ్రంథాలయం గడప తొక్కకుండా పన్ను కట్టేవాళ్లు కూడా అందులో ఉన్నారు.

దీన్ని తేల్చుకోవడానికి మూర్ ఒక త్రిభుజం గీశారు. ఒక కోణం, చేయదలచుకున్న పని నిజంగా జనానికి విలువైనదా? రెండో కోణం, దానికి అనుమతీ అండా ఎవరిస్తారు? మూడోది, చేసే సత్తువ మన దగ్గరుందా? మూడూ కలిస్తేనే పని నిలబడుతుంది. లైబ్రేరియన్ సంగతే చూద్దాం. సాయంత్రం రెండు గంటలు పిల్లలకు కథలు, చదువు, ఆట అంటూ ఒక కార్యక్రమం పెట్టవచ్చు. విలువ ఉంది. సత్తువ కోసం ఒక గదిని వేరు చేయాలి, ఉద్యోగుల వేళలు మార్చాలి, ఊళ్లో ఖాళీగా ఉన్న పెద్దవాళ్లను స్వచ్ఛందంగా రమ్మనాలి. అనుమతి కోసం బోర్డు దగ్గరికి, ఊరి కౌన్సిల్ దగ్గరికి, తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లాలి. ప్రశాంతంగా పేపరు చదువుకునే ముసలాయన అభ్యంతరం కూడా వినాలి. మొదట అనుకున్న పథకం ఈ తిరుగుడులో మారిపోవచ్చు. బోర్డు వద్దంటే ఆగిపోవాలి. పాత పద్ధతిలో అనుమతి పైనుంచి దానంతటదే దిగుతుంది. ఇక్కడ కింది ఉద్యోగి ప్రతిపాదన పట్టుకుని పైకి వెళ్తుంది. మొత్తం ఆలోచనలో కొత్తదనం నా ఉద్దేశంలో ఇదే.

మనకూ ఇలాంటి గ్రంథాలయమే ఉంది. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఎప్పుడెళ్లినా గ్రూప్స్ పరీక్షలకు చదివే యువతీయువకులే కనిపిస్తారు. చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్లక్కావాల్సింది కుర్చీ, ఫ్యాను, వెలుతురు, చదువుకునే నలుగురి పక్కన కూర్చునే వాతావరణం. ఇరుకు హాస్టల్ గదిలో అవి దొరకవు. మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. ఆ సెస్సు పుస్తకాల కోసమా, కుర్చీల కోసమా? ఎన్ని పుస్తకాలు ఇంటికిచ్చారన్న రిజిస్టరుతో చూస్తే, సొంత పుస్తకాలు తెచ్చుకునే పాఠకుడు అసలు లెక్కలోకే రాడు. కుర్చీకి అద్దె పెడితే అక్కడికి రాక తప్పని కుర్రాడే మొదట బయటికి పోతాడు. చదువుకునే హాలుకే ఎక్కువ ఖర్చు పెడదామంటే పేపరు కోసం, నవల కోసం వచ్చే పాఠకుడికి చోటెక్కడ అన్న ప్రశ్న వస్తుంది. మూర్ చెప్పే పద్ధతి దీనికి రెడీమేడ్ జవాబు ఇవ్వదు. సెస్సు కట్టేవాళ్లనూ, రెండు రకాల పాఠకులనూ కూర్చోబెట్టి ఈ మాట బాహాటంగా తేల్చండి అంటుంది, అంతే.

గ్రంథాలయం మెత్తటి ఉదాహరణ. అక్కడ ఎవరి మీదా బలప్రయోగం లేదు. ప్రభుత్వం చేసే పనుల్లో సగం అలా ఉండవు. పోలీసు లాఠీ, పన్ను నోటీసు, జైలు తలుపు ఎదుర్కొనే మనిషిని వినియోగదారు అనలేం. ఆయన కొనడానికి రాలేదు. ప్రభుత్వ సంస్థ ఖర్చు చేసేది డబ్బు ఒక్కటే కాదు, పౌరులు అప్పగించిన అధికారాన్ని కూడా ఖర్చు చేస్తుందని మూర్ అంటారు. నేరాలు తగ్గించడానికి ఒక పోలీసు శాఖ ఎంత బడ్జెట్ వాడిందో రాసినట్టే, ఎంతమందిని ఆపి సోదా చేసింది, ఎక్కడ బలం వాడింది అన్నదీ ఖర్చు పద్దులోనే రాయాలి. డబ్బు పొదుపు చేసి అధికారాన్ని దుబారా చేసిన శాఖ మామూలు ఆడిట్‌లో సమర్థమైన శాఖగానే కనిపిస్తుంది.

అలాంటి అధికారం నడిచే చోట ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో చూపే కథ ఒకటి ఆ పుస్తకంలోనే ఉంది. 1969లో మసాచుసెట్స్ రాష్ట్రం బాలనేరస్థుల శాఖకు కమిషనర్‌గా జెరోమ్ మిల్లర్ అనే సోషల్ వర్క్ ప్రొఫెసర్‌ను తెచ్చింది. ఆ శాఖ కింద శిక్షణాలయాల పేరుతో నడిచే బాలల జైళ్లుండేవి. వాటిలో లైమన్ స్కూల్ 1840ల నాటిది, దేశంలో ప్రభుత్వం పెట్టిన మొదటి బాలల సంస్కరణాలయం. పిల్లలకు తల గొరిగించడం, నోరు మెదపకుండా వరసలో నడిపించడం, తప్పు చేస్తే ఒంటరి గదిలో పడేయడం అక్కడి మామూలు. మిల్లర్ వాటిని మూసేయాలని రాలేదు, బాగుచేద్దామనే వచ్చాడు. జుట్టు పెంచుకోనిమ్మన్నాడు, మాట్లాడుకోనిమ్మన్నాడు. ఏళ్ల తరబడి పాతుకుపోయిన సిబ్బంది ఎదురు తిరిగారు. సివిల్ సర్వీసు రక్షణ ఉంది కాబట్టి వాళ్లను తీసేయలేడు, పైనుంచి ఆర్డరిస్తే కింద అమలు కాదు. భవనం ఉన్నంతకాలం పాత అలవాట్లే గెలుస్తాయని ఆయనకు అర్థమైంది.

దాంతో దారి మార్చాడు. విలేకరులకు ఆ గోడల వెనక ఏం జరుగుతోందో చూపించాడు. పిల్లల చేతే తమ అనుభవాలు జనం ముందు చెప్పించాడు. గవర్నర్ సార్జెంట్ అండ సంపాదించాడు. ఊళ్లలో చిన్న చిన్న బృందగృహాలు నడపడానికి కేంద్ర నిధులు తెచ్చుకున్నాడు. చివరికి 1972 జనవరిలో లైమన్ స్కూల్ ఖాళీ అయింది. పిల్లల్ని కార్లలో ఎక్కించి ఆమ్హర్స్ట్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయం క్యాంపస్‌కు తీసుకెళ్లారు. విద్యార్థులు తలా ఒక పిల్లాడికి తోడుగా ఉండగా, నెల రోజుల్లో వాళ్లకు వేరే చోట్లు వెతికారు. ముందుగా పథకం రాసి, శాసనసభ ఆమోదం తీసుకుని, ప్రత్యామ్నాయాలు సిద్ధం చేశాక మూసేయడం ఆయన చేయలేదు. ముందు మూసేశాడు, మిగతావి తర్వాత చూసుకున్నాడు. నెమ్మదిగా పోతే వ్యతిరేకులకు కూడగట్టుకునే వ్యవధి దొరుకుతుందన్నది ఆయన లెక్క.

త్రిభుజం పెట్టి చూస్తే ఈ కథ వంకరటింకరగా కనిపిస్తుంది. విలువ అన్న కోణం బలంగానే ఉంది, పిల్లల్ని ఆ గోడల మధ్య నుంచి బయటికి తేవడం మంచిపని కాదనేవాళ్లు తక్కువ. అండ సగమే ఉంది. గవర్నర్, పత్రికలు ఇటు. శాసనసభలో చాలామంది, సిబ్బంది అటు. సత్తువ మరీ తక్కువ. బృందగృహాలు నడిపేవాళ్లకు బిల్లులు సమయానికి అందలేదు, లెక్కలు గందరగోళంగా ఉన్నాయి. ఖాళీ అయిన భవనాల్లో సిబ్బంది జీతాలు తీసుకుంటూ ఉండిపోయారు. శాసనసభ విచారణ మొదలైంది. మిల్లర్ 1973 మొదట్లో ఉద్యోగం వదిలి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు.

ఫలితమేమిటి? హార్వర్డ్ పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ పిల్లల్ని గమనించారు. మళ్లీ నేరాల్లో చిక్కుకునేవాళ్ల సంఖ్య రాష్ట్రం మొత్తమ్మీద తగ్గలేదు. బృందగృహాలూ ఇతర ఏర్పాట్లూ పకడ్బందీగా అమలైన ప్రాంతాల్లో మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. అంటే పడగొట్టినంత శ్రద్ధగా కట్టిన చోటే మేలు జరిగింది. మరోవైపు, ఆ పెద్ద శిక్షణాలయాల పద్ధతికి మసాచుసెట్స్ తిరిగి వెళ్లలేదు.

మిల్లర్ చేసింది ఒప్పా తప్పా? ఈ ఆలోచనకు అసలు చిక్కు ఇదే. శాసనసభ చేయమనని పనిని, వెనక్కి తీసుకోలేని విధంగా, ఎన్నిక కాని అధికారి చేసేశాడు. ఆయన ఉద్దేశం మంచిది కాబట్టి మనకు నచ్చుతుంది. అదే తెగువ చెడ్డ ఉద్దేశం ఉన్న అధికారి చూపిస్తే? ఆర్.ఏ.డబ్ల్యూ. రోడ్స్, జాన్ వానా అనే పండితులు 2007లో మూర్ ఆలోచన మీద సరిగ్గా ఈ అభ్యంతరమే లేవదీశారు. మంత్రి శాసనసభకు జవాబు చెప్పే పార్లమెంటరీ వ్యవస్థల్లో, ఏది జనానికి మంచిదో తేల్చే పని అధికారికి అప్పగిస్తే, ప్లేటో కలలుగన్న జ్ఞానపాలకుల్లా తయారవుతారని, ప్రజాస్వామ్యంలో ఆ పని మంత్రిదేనని వాళ్ల వాదన. అమెరికాలో అధికారం గవర్నరు, శాసనసభ, కోర్టుల మధ్య చీలి ఉంటుంది కాబట్టి అధికారికి మద్దతు వెతుక్కోక తప్పదు. మనది బ్రిటన్ వరస. ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు దించుకోలేం.

ఈ అభ్యంతరం సగం నిజమని నాకనిపిస్తుంది. మన కలెక్టర్లలో 'నాకు తెలుసు ఏం మంచిదో' అనే బాపతు ఇప్పటికే తక్కువేం లేరు. రాత్రికి రాత్రి రోడ్డు వెడల్పు చేసి పేపర్లో ఫొటో వేయించుకునే అధికారికి 'ప్రజా విలువ' అనే పేరు దొరికితే మరింత ఊపొస్తుంది. కానీ మూర్ త్రిభుజంలో రెండో కోణం ఉన్నదే వాళ్లను ఆపడానికి. అడగకుండా చేసిన మేలును అది సగం పనిగానే లెక్కగడుతుంది. మనవాళ్లు మొదటి కోణాన్ని ఇష్టంగా పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారన్నదే నా ఫిర్యాదు. మంత్రి ఒక్కడి తలూపుతో సరిపెట్టుకుంటే జరిగేదేమిటో బషీర్‌బాగ్ చూపించింది.

అనుమతి అడిగే అలవాటుకు మన దగ్గర ఒక మంచి పనిముట్టు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి కుర్రాళ్లే మస్టర్లు చేత పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పని చేశావా, కూలి ముట్టిందా అని అడిగేవారు. తేలిన సంగతులు మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందు చదివేవారు. దొంగ మస్టర్లు పట్టుబడ్డాయి, తిన్న డబ్బు కొంత కక్కించారు. అదంతా డబ్బు లెక్క, అది కావాల్సిందే. అయితే తవ్విన కుంటలో నీళ్లు నిలిచాయా, ఆ కుంట ఆ ఊరికి అసలు అవసరమా, దాని బదులు ఏది చేసి ఉండాల్సింది అన్న ప్రశ్నకు కూలి లెక్కకు దొరికినంత సమయం ఆ వేదికల మీద దొరకలేదు. మీ ఊళ్లో గ్రామసభ జరిగితే వెళ్లండి. ఎంత ఖర్చయిందని ఎలాగూ అడుగుతారు. ఈ పని ఎవరడిగితే చేశారు, దీనివల్ల ఎవరికేం ఒరిగింది, ఎవరికి నష్టం జరిగింది అని కూడా అడగండి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి.